అంతా పచ్చగానే ఉంది, డేటా మాత్రం రాలేదు

2017 జనవరి 31 రాత్రి గిట్‌ల్యాబ్ సంస్థలో ఒక ఇంజినీరు రెండు డేటాబేస్ సర్వర్ల మధ్య తెగిపోయిన సింక్‌ను అతికించే పనిలో ఉన్నారు. ప్రపంచం నలుమూలల ప్రోగ్రామర్లు తమ కోడ్‌ను దాచుకునే చోటు అది. అసలు సర్వర్‌లో ఏం మారినా స్టాండ్‌బై సర్వర్‌కు వెంటనే చేరాలి. ఆ సాయంత్రం రద్దీ పెరిగి స్టాండ్‌బై వెనకబడింది. ఎంత వెనకబడిందంటే, అది అందుకోవలసిన మార్పుల చిట్టాను అసలు సర్వర్ అప్పటికే చెరిపేసింది. ఇక స్టాండ్‌బైలో ఉన్నదంతా తుడిచి మొదటి నుంచి కాపీ చేయడమే దారి. అర్ధరాత్రి దగ్గర పడుతుండగా ఆ తుడిచే ఆదేశం స్టాండ్‌బైలో కాకుండా అసలు సర్వర్‌లో నడిచింది. క్షణాల్లో తప్పు గ్రహించి ఆపేశారు. కానీ సుమారు 300 జీబీల్లో అప్పటికి మిగిలింది 4.5 జీబీ.

ఇలాంటి పొరపాట్లు జరుగుతాయి. అందుకే బ్యాకప్‌లు ఉంటాయి. గిట్‌ల్యాబ్‌లో కూడా రోజుకోసారి pg_dump అనే ప్రోగ్రామ్ డేటాబేస్ మొత్తాన్ని అమెజాన్ ఎస్3 నిల్వలోకి కాపీ చేసే ఏర్పాటు ఉంది. వెళ్లి చూస్తే ఆ నిల్వ ఖాళీ.

కారణం చాలా చిన్నది. డేటాబేస్ 9.6 వెర్షన్‌ది. బ్యాకప్ పని నడిచే సర్వర్‌లో మాత్రం పొరపాటున 9.2 వెర్షన్ pg_dump నడుస్తోంది. వెర్షన్లు కలవక అది ప్రతిసారీ ఎర్రర్ చూపించి ఆగిపోయేది. నిజానికి అది తప్పు జరిగిందని చెబుతూనే ఉంది. నిర్ణీత వేళకు పనులు నడిపే క్రాన్, పని విఫలమైన ప్రతిసారీ ఈమెయిల్ పంపేది. ఆ ఈమెయిళ్లు, అవి నిజంగా ఆ సంస్థ నుంచే వచ్చాయని ధ్రువీకరించే డీమార్క్ ఏర్పాటు లేనందువల్ల, అందుకునే సర్వర్ గడప దగ్గరే తిరస్కరణకు గురయ్యేవి. బ్యాకప్ విఫలమైంది, విఫలమైందన్న కబురూ విఫలమైంది. ఇంజినీర్ల వైపు నుంచి చూస్తే ఏ ఫిర్యాదూ లేదు కాబట్టి అంతా సవ్యంగానే ఉంది.

చివరికి గిట్‌ల్యాబ్‌ను గట్టెక్కించినది అదృష్టం. అదే రోజు సాయంత్రం, ప్రమాదానికి సుమారు ఆరు గంటల ముందు, వేరే ప్రయోగం కోసం ఒక ఇంజినీరు చేత్తో తీసిపెట్టిన డిస్క్ స్నాప్‌షాట్ దొరికింది. దానితో మర్నాటి సాయంత్రానికి సైట్ నిలబడింది. ఆ ఆరు గంటల్లో పుట్టిన దాదాపు 5,000 ప్రాజెక్టులు, 5,000 వ్యాఖ్యలు, 700 కొత్త ఖాతాల వివరాలు మాత్రం పోయాయి. సంస్థ ఏదీ దాచుకోలేదు. మరమ్మతు పనిని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా చూపించి, తర్వాత కారణాలన్నీ వివరంగా రాసి బయటపెట్టింది. ఈ సంగతులు మనకు ఇంత వివరంగా తెలియడానికి కారణం ఆ నిజాయితీ.

ఈ కథ చెప్పినప్పుడల్లా అందరి దృష్టీ ఆ తుడిచివేత మీదే పడుతుంది. డేటాను ఒకచోటి నుంచి మరోచోటికి మోసే పనిలో ఉన్నవాళ్లకు ఆ ఖాళీ నిల్వ ఇంకా భయంకరంగా కనిపిస్తుంది. తుడిచివేత క్షణాల్లో బయటపడింది. బ్యాకప్ ఆగిపోయిన సంగతి, దాని అవసరం పడే దాకా ఎవరికీ తెలియలేదు.

సింక్ అనేది ఇప్పుడు పెద్ద కంపెనీల సొత్తేమీ కాదు. దుకాణంలో కొట్టిన బిల్లులు హెడ్ ఆఫీసుకు చేరడం, ఆసుపత్రి ల్యాబ్ ఫలితాలు డాక్టర్ కంప్యూటర్‌లో కనిపించడం, బడి హాజరు జిల్లా లెక్కల్లోకి ఎక్కడం, ఇవన్నీ వేళ ప్రకారం నడిచే సింక్‌ల పుణ్యమే. వీటికి సాధారణంగా పెట్టే అలర్ట్ ఒకటే రకం: పని విఫలమైతే చెప్పు. ఇందులో పెద్ద లొసుగుంది. విఫలం కావాలన్నా ముందు పని మొదలవ్వాలి. సర్వర్ మార్చినప్పుడు పాత క్రాన్ పట్టిక కొత్తదానికి ఎక్కించడం మరిచిపోతే, ఎవరో పరీక్ష కోసం వేళాపట్టికలో ఆ వరుసను తాత్కాలికంగా ఆపి మళ్లీ తెరవకపోతే, ఆ పని మొదలే కాదు. మొదలుకాని పని ఎర్రర్ ఇవ్వదు, ఈమెయిల్ పంపదు. డ్యాష్‌బోర్డులో నిన్నటి పచ్చ గుర్తు నిన్నటిలాగే వెలుగుతూ ఉంటుంది.

దీనికి విరుగుడు రైళ్ల దగ్గర చాలాకాలంగా ఉంది. మన రైలు ఇంజిన్లలో విజిలెన్స్ కంట్రోల్ పరికరం ఉంటుంది. లోకో పైలట్ సుమారు నిమిషం పాటు ఏ మీటా కదపకపోతే ముందు దీపం మెరుస్తుంది, ఆ తర్వాత బజర్ మోగుతుంది. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే బ్రేకులు వాటంతటవే పడతాయి. పైలట్ స్పృహ తప్పితే ఆ సంగతి ఆయనే ఫోన్ చేసి చెప్పాలని రైల్వే ఆశించదు. క్షేమంగా ఉన్నానన్న సంకేతం రాకపోవడాన్నే అది ప్రమాదంగా లెక్కిస్తుంది.

సాఫ్ట్‌వేర్‌లోనూ ఇదే పద్ధతి. సింక్ విజయవంతంగా ముగిసిన ప్రతిసారీ బయట ఉన్న మరో వ్యవస్థకు ‘అయిపోయింది’ అని చిన్న కబురు పంపుతుంది. ఆ వ్యవస్థ చేతిలో గడియారం ఉంటుంది. అనుకున్న వేళకు, దానికి కలిపిన కొంత గడువులోపు కబురు రాకపోతే అది మోగుతుంది. హెల్త్‌చెక్స్, డెడ్ మ్యాన్స్ స్నిచ్, క్రోనిటర్ వంటి సేవలు చేసేది ఈ పనే. క్రాన్‌లో ఇదంతా ఒక్క వరుస:

```
0 2 * * * /opt/sync/run.sh && curl -fsS -m 10 --retry 5 https://hc-ping.com/<id>
```

రోజూ రాత్రి రెండింటికి సింక్ నడుపు, అది సవ్యంగా ముగిస్తేనే కబురు పంపు అని దీని అర్థం. ఆ ‘సవ్యంగా ముగిస్తేనే’ అన్న షరతంతా మధ్యలోని రెండు && గుర్తుల్లో ఉంది. వాటికి బదులు సెమీకోలన్ పడిందా, సింక్ మధ్యలో కూలినా కబురు ఠంచనుగా వెళ్తుంది. కబురు అందుకునే గడియారం కూడా సింక్ నడిచే సర్వర్‌లో ఉండకూడదు. కరెంటు పోతే రెండూ కలిసే పోతాయి.

ఇంకో చోట కూడా జాగ్రత్తపడాలి. డేటాను తీసిన వెంటనే కుదించి దాచడానికి చాలామంది ఇలా రాస్తారు:

```
pg_dump shop | gzip > backup.gz
```

ఇక్కడ రెండు ప్రోగ్రాములు వరసగా పనిచేస్తున్నాయి. మొదటిది కూలినా రెండోది తనకు అందిన శూన్యాన్ని శ్రద్ధగా కుదించి, సరిగ్గా 20 బైట్ల ఫైలు తయారుచేసి, ‘విజయం’ అని తిరిగొస్తుంది. షెల్ మామూలుగా చివరి ప్రోగ్రామ్ మాటే నమ్ముతుంది. స్క్రిప్టు మొదట్లో set -o pipefail అని రాస్తే తప్ప మొదటిదాని వైఫల్యం బయటికి రాదు. బ్యాకప్ ఫోల్డర్‌లో రోజుకొకటి చొప్పున ఫైళ్లు, అన్నీ 20 బైట్లవే కనిపించిన సిస్టమ్ అడ్మిన్‌కు ఆ రోజు భోజనం సహించదు.

కబురు పద్ధతి ‘నడిచిందా లేదా’ అన్న ప్రశ్నకు జవాబు చెబుతుంది. నడిచి, సవ్యంగా ముగిసి, ఒక్క వరుస కూడా కాపీ చేయని సింక్‌ను అది పట్టుకోలేదు. అసలు చిక్కంతా అక్కడే.

విజయవాడలో మందులు అమ్మే ఒక హోల్‌సేల్ దుకాణాన్ని ఊహించుకుందాం. రోజుకు సుమారు 1,800 బిల్లులు. రాత్రి రెండింటికి ఆ బిల్లులు హెడ్ ఆఫీసు డేటాబేస్‌కు చేరతాయి. రోజూ మొత్తం చరిత్రను మోయడం దండగ కాబట్టి, సింక్ ఒక గుర్తు పెట్టుకుంటుంది: నిన్న తెచ్చిన బిల్లుల్లో అన్నిటికంటే కొత్తదాని సమయం. ఈరోజు అంతకంటే కొత్తవి మాత్రమే అడుగుతుంది. ప్రపంచంలో సగం సింక్‌లు నడిచేది ఈ లెక్కనే అంటే అతిశయోక్తి కాదు.

2025 మార్చి 11, మంగళవారం. ఒక కౌంటర్ కంప్యూటర్ గడియారం పాడైతే ఎవరో తేదీ సరిచేస్తూ 2025కు బదులు 2052 అని కొట్టారు. కాసేపటికి చూసుకుని దిద్దారు. ఈలోగా ఒక్క బిల్లు 2052 తేదీతో పడిపోయింది. ఆ రాత్రి సింక్ మామూలుగానే అన్ని బిల్లులూ తెచ్చింది, అన్నిటికంటే కొత్తదాని సమయాన్ని గుర్తుగా రాసుకుంది. మర్నాడు రాత్రి అది దుకాణం డేటాబేస్‌ను అడిగిన ప్రశ్న ఇది:

```
SELECT * FROM bills WHERE updated_at > '2052-03-11 16:20:00';
```

జవాబు సున్నా వరుసలు. అందులో తప్పేమీ లేదు, 2052 తర్వాత బిల్లులు నిజంగానే లేవు. ఎర్రర్ రాలేదు. లాగ్‌లో ‘పూర్తయింది, 0 వరుసలు’ అని పడింది. ‘అయిపోయింది’ అన్న కబురు రోజూ వేళకు వెళ్తోంది, రోజూకంటే కొంచెం ముందే. హెడ్ ఆఫీసులో అమ్మకాల పట్టిక 11వ తేదీ దగ్గర ఆగిపోయింది. అమ్మకాలు లేవు కాబట్టి సరుకు తగ్గలేదని కొనుగోలు లెక్క అనుకుంది, కొత్త ఆర్డర్లు పెట్టలేదు. దుకాణంలో అరలు ఖాళీ అవుతున్నాయి. పది రోజులు పోయాక అకౌంటెంట్ ఫోన్ చేసి, ‘ఏమండీ, ఈ నెల అమ్మకాలు పదకొండుతో ఆగిపోయాయేంటి, కొట్టు గానీ మూసేశారా?’ అని అడిగితే తప్ప సంగతి బయటపడదు.

సున్నా వరుసలకు ఇంకా దారులున్నాయి. పోస్ట్‌గ్రెస్‌లో వరుసల స్థాయి భద్రత పెట్టి, సింక్ వాడే ఖాతాకు అనుమతి రాయడం మరిస్తే ‘నీకు అనుమతి లేదు’ అన్న ఎర్రర్ రాదు, ఖాళీ జవాబు వస్తుంది. అవతలివాళ్లు ఫైలు పెట్టే ఫోల్డర్ పేరు మార్చేస్తే పాత ఫోల్డర్‌లో రోజూ సున్నా ఫైళ్లు దొరుకుతాయి. వీటన్నిటిలో ఉన్న పోలిక ఒకటే, సింక్ తన వంతు పని తప్పులేకుండా చేస్తోంది. అందుకే సింక్‌ను అడిగి లాభం లేదు. సరుకు చేరాల్సిన చోటికి వెళ్లి చూడాలి.

అక్కడ అడగాల్సిన ప్రశ్న: అన్నిటికంటే తాజా వరుస వయసెంత? దీన్ని తాజాదనం తనిఖీ అంటారు. దాదాపు అందరూ మొదట ఇలా రాస్తారు:

```
SELECT now() - max(updated_at) FROM bills;
```

మన మందుల దుకాణం విషయంలో దీన్ని పెడితే ఏమవుతుంది? అన్నిటికంటే కొత్త బిల్లు 2052ది. దాని వయసు మైనస్ 27 ఏళ్లు. ‘వయసు 26 గంటలు దాటితే మోగు’ అన్న నియమం ఇక ఇరవై ఏడేళ్ల పాటు మోగదు. సింక్‌ను మోసం చేసిన వరుసే కాపలాదారునూ మోసం చేసింది, ఎందుకంటే ఇద్దరూ ఒకే తేదీని నమ్ముకున్నారు. తనిఖీ రాసేవాళ్లు ఎక్కువగా పప్పులో కాలేసేది ఇక్కడే.

విరుగుడు చౌకే. హెడ్ ఆఫీసు టేబుల్‌లో loaded_at అని ఇంకో నిలువు వరుస చేర్చి, ప్రతి బిల్లు అక్కడికి చేరిన క్షణాన్ని ఆ డేటాబేస్ తన గడియారం ప్రకారమే రాసుకోవాలి. దుకాణం గడియారంతో దానికి సంబంధం ఉండదు. మార్చి 12 తెల్లవారుజామున 2:10కి చివరి బిల్లు చేరింది. 13న సున్నా. 13 ఉదయం 8కి తనిఖీ నడిస్తే వయసు 30 గంటలు దగ్గరకొచ్చి ఉంటుంది, 26 దాటింది, గంట మోగుతుంది. అకౌంటెంట్ పది రోజుల తర్వాత చెప్పే సంగతి మొదటి ఉదయమే తెలుస్తుంది. ‘వయసు మైనస్‌లో ఉన్నా మోగు’ అన్న ఇంకో షరతు చేర్చి ఉంటే, 12 ఉదయం, అంటే ఇంకా ఒక్క బిల్లు కూడా తప్పిపోకముందే, ఆ 2052 బిల్లు దొరికిపోయేది.

ఈ 26 గంటలు అన్న అంకె ఎక్కడిది? సింక్ రోజుకోసారి. గడువు 24 గంటలు పెట్టి తనిఖీని రోజంతా నడుపుతూ ఉంటే, సింక్ పది నిమిషాలు ఆలస్యమైన రోజల్లా దండగ గంట మోగుతుంది. 48 పెడితే ఒక రోజు డేటా మొత్తం రాకపోయినా నోరు మెదపదు. ఒక రోజుకు రెండు గంటల వెసులుబాటు కలిపితే 26. తనిఖీని తెల్లవారుజామున 4:30కి కాకుండా 8కి నడపడం కూడా ఆలోచించి చేసిందే. హెడ్ ఆఫీసులో ఆ లెక్కలు తొమ్మిదికి గానీ ఎవరూ తెరవరు. నిద్ర లేపి చెప్పినంత మాత్రాన ఒక్క బిల్లయినా ముందు రాదు.

ఆదివారం దుకాణం మూత. సోమవారం తెల్లవారుజామున సింక్ తెచ్చేది న్యాయంగానే సున్నా. తాజాదనం తనిఖీకి ఈ తేడా తెలియదు, ప్రతి సోమవారం ఎనిమిదికి మోగుతుంది. నాలుగు సోమవారాలు గడిచాక ఆ అలర్ట్‌ను ఎవరూ తెరిచి చూడరు, ఐదో వారం నిజంగా సింక్ ఆగినా సరే. సున్నాను చూడగానే మోగే అలర్ట్ పెట్టడం తేలిక. ఏ సున్నా మంచిది, ఏది చెడ్డది అని తేల్చడానికే నిజమైన శ్రమ.

మూలం మన చేతిలో ఉంటే దీనికి మంచి దారి ఉంది. నిన్నటి తేదీన దుకాణంలో ఎన్ని బిల్లులు కొట్టారో దుకాణం డేటాబేస్‌ను అడగడం, హెడ్ ఆఫీసులో ఎన్ని ఉన్నాయో అక్కడ అడగడం, రెండూ పోల్చడం. ఆదివారం సున్నాకు సున్నా, పేచీ లేదు. బుధవారం 1,800కు సున్నా, వెంటనే మోగాలి. ఈ లెక్క అడిగే ప్రశ్న సింక్ వాడే ‘గుర్తు’ మీద ఆధారపడకూడదు. అలా ఆధారపడితే అటూ సున్నా ఇటూ సున్నా వచ్చి, లెక్క చక్కగా సరిపోయిందని తేలుతుంది.

పోల్చి చూసే అలవాటు సున్నా కాని నష్టాలనూ పట్టిస్తుంది. 2020లో ఇంగ్లండ్‌లో కోవిడ్ పరీక్షల ఫలితాలు ల్యాబ్‌ల నుంచి పబ్లిక్ హెల్త్ ఇంగ్లండ్‌కు ఫైళ్లుగా వచ్చేవి. వాటిని పాత తరహా ఎక్సెల్ ఫైళ్లలోకి ఎక్కించేవారు. ఆ ఫైలులో 65,536 వరుసలకు మించి పట్టవు, ఒక్కో కేసు వివరాలు అనేక వరుసలు ఆక్రమిస్తాయి. వైరస్ విజృంభించిన కొద్దీ ఫైలు నిండిపోయి మిగతావి జారిపోయాయి. సెప్టెంబరు 25 నుంచి అక్టోబరు 2 వరకు 15,841 కేసులు రోజువారీ లెక్కలో లేకుండా పోయాయి. పరీక్ష చేయించుకున్నవాళ్లకు ఫలితం అందింది కానీ, వాళ్లు ఎవరెవరిని కలిశారో ఆరా తీసే పని ఆలస్యమైంది. రోజూ వేల కేసులు చేరుతూనే ఉన్నాయి, డేటా తాజాగానే ఉంది. కబురు పద్ధతి గానీ, తాజాదనం తనిఖీ గానీ దీన్ని పట్టుకోలేవు. ల్యాబ్ పంపినవి ఎన్ని, ఇక్కడ ఎక్కినవి ఎన్ని అన్న ఒక్క పోలికతో మొదటి రోజే తెలిసేది.

మూలం మన చేతిలో లేకపోతే? బయటి సంస్థ ఏపీఐ ఇచ్చినంతే తీసుకోవాలి, లోపల ఎన్ని ఉన్నాయో అడిగే వీలుండదు. అప్పుడు పాత అనుభవమే ఆధారం. గత ఆరు బుధవారాల లెక్కలు వరసగా పేర్చి మధ్య అంకె తీసుకుని, ఈ బుధవారం అందులో సగం కంటే తగ్గితే మోగించవచ్చు. బుధవారాన్ని బుధవారంతోనే పోల్చాలి, ఆదివారాన్ని కలిపితే సగటు చెడుతుంది. సంక్రాంతి మూడు రోజులూ ఇది తప్పుగా మోగుతుంది. సెలవుల జాబితా కట్టి ఏటా దిద్దుకునే బదులు, ఆ మూడు రోజులు అలర్ట్ చూసి నవ్వుకుని వదిలేయడమే మేలు. జాబితాలో పొరపాటున మిగిలిపోయిన పాత సెలవు ఒక నిజమైన ప్రమాదాన్ని మింగేయగలదు.

నెలకు నాలుగైదు వరుసలు మాత్రమే వచ్చే టేబుళ్లుంటాయి. తిరిగొచ్చిన మందుల టేబుల్‌లో వారం రోజుల సున్నా మామూలే కావచ్చు. అలాంటిచోట మూలంలో ఒక డమ్మీ వరుసను మనమే వేళ ప్రకారం రాసి, అది అవతలి ఒడ్డుకు చేరిందా అని చూస్తారు. మైఎస్‌క్యూఎల్ వాడేవాళ్లకు పెర్కోనా సంస్థ ఇచ్చే pt-heartbeat సరిగ్గా ఇదే చేస్తుంది. అసలు సర్వర్‌లో సెకనుకోసారి సమయం రాసి, నకలు సర్వర్‌లో ఆ సమయం ఎంత పాతబడిందో కొలుస్తుంది. వ్యాపారం ఉన్నా లేకపోయినా ఆ వరుస మాత్రం కదులుతూ ఉండాలి. అయితే ఆ డమ్మీ వరుస నడిచే దారి అసలు డేటా నడిచే దారే అయ్యుండాలి. దానికంటూ వేరే టేబుల్, వేరే అనుమతి ఉంటే, బిల్లుల దారి మూసుకుపోయినా అది హాయిగా చేరుతుంది.

గంట మోగడం ఒక ఎత్తు, అది మనిషి చెవిన పడడం మరో ఎత్తు. గిట్‌ల్యాబ్ ఈమెయిళ్లు చెప్పిన సంగతే ఇది. ప్రొమీథియస్ అనే పర్యవేక్షణ వ్యవస్థ వాడేవాళ్లలో దీనికో ముచ్చటైన ఆనవాయితీ ఉంది. వాచ్‌డాగ్ అన్న పేరుతో ఎప్పుడూ మోగుతూనే ఉండే అలర్ట్ ఒకటి పెడతారు. అది బయటి సేవకు చేరుతూ ఉన్నంతసేపు అలర్ట్‌ల దారి తెరిచే ఉన్నట్టు లెక్క. అది రావడం ఆగితే బయటి సేవ ఫోన్ చేస్తుంది.

వచ్చిన అలర్ట్‌లో ఏముండాలో కూడా ముందే రాసిపెట్టుకోవాలి. ‘సింక్ హెచ్చరిక’ అన్న రెండు మాటలు చూసి ఉదయం ఎనిమిదికి ఎవరూ ఏమీ చేయలేరు. ‘బిల్లుల టేబుల్‌కు 30 గంటలుగా ఒక్క వరుసా రాలేదు. దుకాణంలో నిన్నటి బిల్లులు 1,812. సింక్ రాత్రి 2:01కి ముగిసింది, తెచ్చినవి 0. సింక్ వాడిన గుర్తు: 2052-03-11’ అని ఉంటే చదివినవాళ్లు చివరి అంకె దగ్గర ఆగిపోతారు. సగం మరమ్మతు అక్కడే అయిపోయింది. మిగతా సగం, ఆ బిల్లు తేదీ దిద్ది, గుర్తును మార్చి 11కు వెనక్కి జరిపి సింక్‌ను మళ్లీ నడపడం. ఒకే బిల్లు రెండుసార్లు వచ్చినా పాతదాని మీదే కూర్చునేలా సింక్ రాసి ఉండాలి, లేకపోతే అమ్మకాలు రెట్టింపై అకౌంటెంట్ మళ్లీ ఫోన్ చేస్తారు.

ఇవన్నీ పెట్టాక పనిచేస్తున్నాయో లేదో తెలుసుకోవడానికి సింక్‌ను కావాలనే ఆపి చూడాలి. ఒక బుధవారం రాత్రి క్రాన్ వరుస ముందు # పెడితే ఆ పని నడవదు, గడువు దాటగానే కబురు రాలేదన్న ఫోన్ రావాలి. మరో రాత్రి గుర్తును 2099కి జరిపితే సింక్ నడిచి సున్నా తెస్తుంది, ఉదయం ఎనిమిదికి రెండో అలర్ట్ రావాలి. ఏది వచ్చింది, ఎన్నింటికి వచ్చింది, ఎవరి ఫోన్‌కు వచ్చింది అని రాసుకుని, రెండింటినీ మళ్లీ యథాస్థానంలో పెట్టాలి. ఉద్యోగం మానేసి వెళ్లిపోయినవాళ్ల నంబరుకు అలర్ట్ వెళ్తోందని చాలా చోట్ల తెలిసేది ఈ పరీక్షలోనే.